మూర్ఛ మాత్ర దొరకనప్పుడు డాక్టరుకు ఏమని రాయాలి?

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే చోట పని చేస్తాడు. మూర్ఛకు అనంతపురంలో ఒక డాక్టరు గారికి చూపిస్తున్నాం. చివరిసారి వెళ్లి ఐదు నెలలైంది. లెవెటిరాసిటామ్ 500 రెండు పూటలా, క్లోబజామ్ 10 రాత్రి ఒకటి వేసుకుంటాడు. మొదటిది దొరుకుతోంది, క్లోబజామ్ మాత్రం మా ఊళ్లో లేదు. తొమ్మిది మాత్రలే మిగిలాయి. ఒక దుకాణంలో "ఇదీ ఫిట్స్ మాత్రే" అని కార్బమజెపిన్ ఇవ్వబోయారు. జబ్బు బయటపడిన కొత్తలో ఫెనిటాయిన్ వాడితే వాడికి జ్వరం, ఒంటినిండా దద్దుర్లు వచ్చి ఆసుపత్రిలో చేర్చాం. డాక్టరు గారికి వాట్సాప్‌లో "సార్, మందు దొరకడం లేదు, వేరేది రాయండి" అని పంపితే జవాబు రాలేదు. ఆయనకు అన్నీ తెలుసు కదా, అలర్జీ సంగతి మళ్లీ రాయాలా? వాడికి వంకాయ కూడా పడదని రాయమంటోంది అమ్మ. అసలు ఏం రాయాలి?
— ఒక అక్క, రాయదుర్గం, అనంతపురం జిల్లా

సమాధానం:

అమ్మా, ముందు ఆ కార్బమజెపిన్ సంగతి. దాన్ని కొనవద్దు. ఎవరైనా ఇప్పటికే కొని ఇంట్లో పెట్టి ఉంటే తిరిగి ఇచ్చేయండి. మీ తమ్ముడికి ఫెనిటాయిన్ ఎందుకు పడలేదో, అదే కారణంతో కార్బమజెపిన్ కూడా పడకపోవచ్చు. ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటోన్ మూడింటినీ కాలేయం ఒకే తరహాలో విడగొడుతుంది. ఆ క్రమంలో పుట్టే పదార్థాలే కొందరి ఒంట్లో ఈ జ్వరానికి, దద్దుర్లకు కారణమవుతాయని వైద్యులు భావిస్తారు. అందుకే ఒకదానికి ఇలాంటి చర్య వచ్చినవారిలో దాదాపు సగం మందికి ఇంకొకదానికీ వస్తుంది. ఆక్స్‌కార్బజెపిన్ కూడా ఈ కుటుంబానిదే. లామోట్రిజిన్ విషయంలోనూ వైద్యులు ఆచితూచి అడుగు వేస్తారు. మొదటిసారి రెండు మూడు వారాల తరువాత బయటపడిన చర్య, రెండోసారి ఒకటి రెండు రోజుల్లోనే ముంచుకు రావచ్చు.

దుకాణంలో మీతో మాట్లాడిన అబ్బాయికి ఇదంతా తెలియకపోవచ్చు. అతనికి తెలిసింది "ఫిట్స్ మాత్ర" అనే ఒక అర. అందులో క్లోబజామ్ లేదు, పక్కన కార్బమజెపిన్ ఉంది, తీసి ఇవ్వబోయాడు. నిజానికి డాక్టరు రాసిన ఇలాంటి మందుకు బదులుగా మరొకటి ఇచ్చే అధికారం దుకాణానికి లేదు. 1945 నాటి ఔషధ నియమాలలో 65వ నియమం, చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందులకు చీటీలో ఉన్నదాని బదులు ఇంకే తయారీనీ ఇవ్వకూడదంటుంది, అందులో అదే మందు ఉన్నా సరే. ఆచరణలో కంపెనీ మార్చి ఇవ్వడం ఊరూరా జరుగుతున్నదే. కంపెనీ మారడం ఒక సంగతి, మందే మారిపోవడం వేరే సంగతి.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. అలర్జీ గురించి మళ్లీ రాయాలి, ప్రతిసారీ రాయాలి, అదీ సందేశం పై భాగంలోనే. డాక్టరు గారికి తెలుసన్న మాట నిజమే, ఆయన కేసు కాగితంలో అది ఉండే ఉంటుంది. కానీ మీ సందేశం ఆయన చూసేది కేసు కాగితం ముందు పెట్టుకుని కాదు. ఓపీ మధ్యలోనో, రాత్రి భోజనం తరువాతనో ఫోను తెరిస్తే అలాంటివి మరో ముప్పై ఉంటాయి. పైగా మీరు అడిగింది "వేరేది రాయండి" అని. వేరేది రాయాలంటే మొదట తెలియాల్సింది ఏది రాయకూడదో. అది చెప్పకుండా వేరే మందు అడిగితే, జాగ్రత్త గల డాక్టరు జవాబివ్వకుండా ఊరుకుంటారు. తొందరలో ఉన్నవారు ఏదో ఒకటి రాస్తారు. ఈ రెండింటిలో జవాబు రాకపోవడమే నయం.

ఇంతకీ మీరు వేరే మందు అడగనే వద్దు. మీ తమ్ముడికి కావలసింది అదే క్లోబజామ్. అది లోకంలో లేకుండా పోలేదు, మీ ఊరి దుకాణాల్లో లేదు, అంతే. ఇది నిద్రమాత్రల వర్గానికి చెందిన మందు. అమ్ముడయ్యేది తక్కువ, చీటీ చూడకుండా ఇస్తే చిక్కులు ఎక్కువ, కాబట్టి చిన్న ఊళ్లలో దీన్ని నిల్వ పెట్టుకునేవారు తక్కువ. అలా దొరకని మందుకు డాక్టరు చేయగల సాయం మాత్ర మార్చడం ఒక్కటే కానక్కరలేదు. కొత్త చీటీ ఇవ్వవచ్చు, కంపెనీ పేరు బదులు మందు పేరు రాయవచ్చు, 10 మిల్లీగ్రాములకు బదులు 5 మిల్లీగ్రాములవి రెండు వేసుకోమనవచ్చు. ఇవి అడగాలంటే సందేశం రాయడానికి ముందు మీరు చేయాల్సిన పని కొంత ఉంది.

దుకాణాల్లో మళ్లీ అడగండి, ఈసారి అడిగే తీరు మార్చి. మాత్రల అట్ట చూపించి "ఇది ఉందా" అంటే వాళ్లు ఆ కంపెనీ పేరే వెతికి లేదంటారు. అట్ట మీద కంపెనీ పెట్టిన పేరు పెద్ద అక్షరాల్లో, అసలు మందు పేరు దాని కింద చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఆ చిన్న అక్షరాల పేరు చదివి "క్లోబజామ్, ఏ కంపెనీదైనా సరే, 5 గానీ 10 గానీ ఉందా" అని అడగండి. లేదంటే "తెప్పించగలరా, ఎప్పటికి" అని అడగండి. టోకు వ్యాపారి దగ్గర సరుకుంటే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. మీ ఊరికి బళ్లారి దగ్గర, అనంతపురం దూరం. ఆంధ్రలో రాసిన చీటీకి కర్ణాటకలో మందు ఇవ్వరన్న భయం అక్కరలేదు. ఔషధ నియమాలు దేశమంతటికీ ఒకటే, నమోదైన వైద్యుడి చీటీ అక్కడా చెల్లుతుంది. జన ఔషధి కేంద్రంలో కూడా మందు పేరుతోనే అడగాలి, అక్కడ కంపెనీ పేర్లతో పని లేదు.

ఇంకో హెచ్చరిక. క్లోబజామ్ అడిగితే క్లోనజెపామ్ చేతిలో పెట్టే ప్రమాదం ఉంది. పేర్లు దగ్గరగా ఉంటాయి, రెండూ ఒకే వర్గం, రెండూ మూర్ఛకు వాడేవే. కానీ మోతాదుల్లో పొంతన లేదు. క్లోనజెపామ్ మాత్రలు 0.25, 0.5, 1, 2 మిల్లీగ్రాముల్లో వస్తాయి, క్లోబజామ్ 5, 10, 20లో. మీకిచ్చిన అట్ట మీద అంకె ఐదుకు లోపల కనిపిస్తే అది మీ మందు కాదు.

ఇప్పుడు సందేశం. మీరు రాసిన వివరాలతో నేనిలా కూర్చాను. గీతలున్న చోట మీరు నింపండి. అలర్జీ వివరాలను డిశ్చార్జి కాగితం చూసి ఉన్నది ఉన్నట్టు మార్చుకోండి. దుకాణాల మాట కూడా మీరు నిజంగా విన్నదే రాయండి.

"డాక్టరు గారికి నమస్కారం. పేషెంటు పేరు ——, 26 ఏళ్లు, రాయదుర్గం. ఓపీ నంబరు ——. మూర్ఛకు మీ దగ్గర చూపిస్తున్నాం. చివరిసారి ఐదు నెలల క్రితం, —— తేదీన వచ్చాం. రాస్తున్నది ఆయన అక్కను.

అలర్జీ: ఫెనిటాయిన్. —— సంవత్సరంలో మొదలుపెట్టిన మూడో వారంలో జ్వరం, ఒంటినిండా ఎర్రటి దద్దుర్లు, ముఖం వాపు వచ్చాయి. నోట్లో పుండ్లు రాలేదు. —— రోజులు ఆసుపత్రిలో ఉంచి మందు ఆపేశారు. ఇంకే మందుకూ అలర్జీ లేదు.

క్లోబజామ్ 10 మి.గ్రా. రాత్రి ఒకటి వాడుతున్నారు. ఈ రోజు 12వ తేదీ. 9 మాత్రలు ఉన్నాయి, 20వ తేదీ రాత్రితో అయిపోతాయి. లెవెటిరాసిటామ్ 500 రెండు పూటలా వేసుకుంటున్నారు, అది దొరుకుతోంది. ఏ పూటా మానలేదు. చివరిసారి మూర్ఛ వచ్చింది ——. వేరే మందులేవీ వాడటం లేదు.

రాయదుర్గంలో ఏ కంపెనీ క్లోబజామ్ 10 కూడా దొరకలేదు. ఒక దుకాణంలో 5 మి.గ్రా. మాత్రలు ఉన్నాయి. ఇంకోచోట బదులుగా కార్బమజెపిన్ ఇవ్వబోయారు, తీసుకోలేదు.

క్లోబజామ్‌కు 60 రోజులకు మందు పేరుతో కొత్త చీటీ ఇవ్వగలరా? 10 దొరక్కపోతే 5 మి.గ్రా. రెండు వేసుకోవచ్చా? మేం రావాలంటే ఏ రోజు రమ్మంటారో చెప్పగలరు. నా ఫోను ——."

ఇది పొడుగ్గా ఉందని మీకనిపించవచ్చు. చదవడానికి నిమిషం పట్టదు, ఎదురు ప్రశ్న వేయాల్సిన అవసరం రాదు. డాక్టర్లు విసుక్కునేది నాలుగు మాటలు అటూ ఇటూ నడిస్తే గానీ పేషెంటు ఎవరో తెలియని సందేశాల మీద. మందుల కిటికీ ఇవతల కూర్చుని ఎన్నో ఏళ్లు చీటీలు చూసినవాణ్ణి, ఈ విసుగు నాకూ తెలుసు. "పోయినసారి ఇచ్చిన తెల్ల మాత్ర" అంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు!

అలర్జీ దగ్గర ఆగుదాం, ఎక్కువ మంది తడబడేది అక్కడే. "ఫెనిటాయిన్ పడదు" అని ఒక్క ముక్క రాస్తే డాక్టరుకు సగమే తెలుస్తుంది. పడకపోవడంలో రకాలున్నాయి. కొందరికి ఆ మందుతో తల తూలుతుంది, చూపు ఒకటికి రెండుగా కనిపిస్తుంది. అది మోతాదు ఎక్కువైనప్పుడు వచ్చేది, తగ్గిస్తే పోతుంది. కొందరికి చిగుళ్లు పెరుగుతాయి. ఇవి దుష్ఫలితాలు, అలర్జీలు కావు. మీ తమ్ముడికి వచ్చింది వేరు. మందు మొదలుపెట్టిన వారాల తరువాత జ్వరంతో మొదలై, దద్దుర్లు వచ్చి, ముఖం వాచి, మెడలో బిళ్లలు కట్టి, కాలేయానికి కూడా పాకగల చర్య ఉంది. నోరు, కళ్లు, మర్మాంగాల దగ్గర పుండ్లు పడి చర్మం ఊడివచ్చే చర్య ఇంకొకటి ఉంది. రెండూ ప్రాణం మీదికి తెచ్చేవే. అందుకే ఎన్నో రోజున వచ్చింది, జ్వరం ఉందా, నోట్లో పుండ్లు వచ్చాయా, ఆసుపత్రిలో ఉంచారా అన్న నాలుగు వివరాలు రాయమంటున్నాను. నోట్లో పుండ్లు రాకపోతే "రాలేదు" అని రాయడం కూడా డాక్టరుకు సమాచారమే.

డిశ్చార్జి కాగితం పోయి ఉంటే జ్ఞాపకం ఉన్నంతవరకు రాసి "కాగితం లేదు, జ్ఞాపకం మీద రాస్తున్నాను" అని చేర్చండి. ఏ మందుకు వచ్చిందో గట్టిగా తెలియకపోతే ఊహించి పేరు రాయకండి. తప్పుడు అలర్జీ కూడా నష్టమే, పనికొచ్చే మందు ఒకటి జీవితాంతం దూరమవుతుంది.

మీ అమ్మగారి వంకాయ మాట ఈ సందేశంలోకి రానక్కరలేదు. వంకాయ తింటే దురద పెట్టేవారు ఉంటారు, నేను కాదనను. క్లోబజామ్ చీటీకి దానితో సంబంధం లేదు. దుమ్ముకు తుమ్ములు, నొప్పి మాత్రకు కడుపులో మంట వంటివి కూడా అంతే. ఇవన్నీ కలిపి పెద్ద జాబితా చేస్తే అసలైన ఫెనిటాయిన్ అందులో ఎక్కడో ఆరో వరుసలో పడి మరుగునపడుతుంది. అమ్మగారి తృప్తి కోసం ఈసారి ఓపీకి వెళ్లినప్పుడు నోటితో చెప్పనివ్వండి. వేరే మందుకు ఎప్పుడైనా దద్దుర్లు, ఆయాసం, పెదాల వాపు వచ్చి ఉంటే మాత్రం, అది పదేళ్ల కిందటిదైనా, మూర్ఛ మందు కాకపోయినా, రాయాలి.

ఇక్కడే మీ గురించి ఒక మాట. ఈ రకం చర్య తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువుల్లోనూ వచ్చే అవకాశం మామూలు వారికంటే ఎక్కువ. మీకు గానీ అమ్మానాన్నలకు గానీ ఎప్పుడైనా ఏ కారణంగానైనా ఫెనిటాయిన్, కార్బమజెపిన్ రాస్తే "మా తమ్ముడికి ఇలా అయింది" అని చెప్పండి. కార్బమజెపిన్‌ను మూర్ఛకే కాదు, ముఖంలో కరెంటు కొట్టినట్టు వచ్చే నరాల నొప్పికి కూడా రాస్తారు.

మాత్రల లెక్క ఎందుకు అంత వివరంగా రాయాలంటే, క్లోబజామ్ ఉన్నట్టుండి ఆగిపోకూడని మందు. అకస్మాత్తుగా ఆపితే మూర్ఛలు తిరగబెడతాయి, అంతకుముందు కంటే ఎక్కువగా, ఒకదాని వెనుక ఒకటిగా కూడా రావచ్చు. దీనిలో ఒక మోసం ఉంది. క్లోబజామ్, అది ఒంట్లో విడిపోగా వచ్చే పదార్థం చాలా నెమ్మదిగా బయటకు పోతాయి. అందువల్ల ఒకరోజు మానినా, రెండు రోజులు మానినా ఏమీ కానట్టే కనిపించవచ్చు. "వేసుకోకపోయినా బాగానే ఉన్నాడే" అనుకుంటారు. వేసుకున్నదంతా ఒంట్లోంచి తగ్గిపోయేసరికి, నాలుగైదు రోజులకో వారానికో, అసలు కష్టం మొదలవుతుంది. అప్పటికి మాత్ర ఆగిన సంగతి ఎవరికీ జ్ఞాపకం ఉండదు, రాత్రి నిద్ర లేక వచ్చిందనో, ఎండ తగిలి వచ్చిందనో అనుకుంటారు. కాబట్టి మిగిలిన తొమ్మిదింటిని పద్దెనిమిది రోజులు రావాలని సగం సగం చేయడం, రోజు విడిచి రోజు ఇవ్వడం వద్దు. రోజూ ఇవ్వాల్సిందే ఇస్తూ, ఆ తొమ్మిది రాత్రుల్లోపు కొత్తవి సంపాదించాలి. డాక్టర్లు ఈ మందు మాన్పించాలనుకున్నా వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తూ వస్తారు.

సందేశంతో పాటు మూడు ఫొటోలు పంపండి. పాత చీటీది, మాత్రల అట్ట వెనుకవైపుది, డిశ్చార్జి కాగితంది. అట్ట మీది వెండి రేకు దీపం కింద తళతళ మెరిసి అక్షరాలు కనిపించవు, కిటికీ పక్కన పగటి వెలుతురులో తీయండి. మాత్రలు చించుకునేటప్పుడు పేరు, గడువు తేదీ ఉన్న కొసను చివరిదాకా ఉంచి అటు కొస నుంచి వాడుకుంటూ రావాలి. చాలామంది మొట్టమొదట ఆ కొసే చించేస్తారు. మాటలు రికార్డు చేసి పంపకండి. ఓపీలో పేషెంటును ఎదురుగా పెట్టుకుని మీ గొంతు ఎవరూ వినలేరు.

ఇప్పుడు డాక్టరు ఏం చేయగలరు, ఏం చేయలేరు అన్నది. 2020 మార్చి 25న కేంద్రం విడుదల చేసిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం వైద్యులు ఫోను మీద, సందేశాల ద్వారా కూడా వైద్య సలహా ఇవ్వవచ్చు. సంతకం చేసిన చీటీని ఫొటో తీసి పంపవచ్చు. దాని మీద వైద్యుడి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అదే జబ్బుకు నేరుగా చూసి ఆరు నెలలు దాటకపోతేనే దాన్ని తదుపరి సంప్రదింపుగా లెక్కిస్తారు. మీకు ఐదు నెలలైంది. అంటే ఈ వెసులుబాటు ఇంకో నెల మాత్రమే ఉంది, అందుకే సందేశంలో చివరి తేదీ రాయమన్నాను. అయితే క్లోబజామ్ వంటి నిద్రమాత్రల వర్గపు మందుల మీద దూరం నుంచి రాసే విషయంలో కట్టుబాట్లు ఎక్కువ. "ఒకసారి వచ్చి వెళ్లండి" అని డాక్టరు అంటే అది డబ్బు కోసం పిలవడం అనుకోకండి. తొమ్మిది మాత్రలున్నప్పుడే రాయడంలో లాభం ఇదే. రమ్మన్నా వెళ్లి రావడానికి వ్యవధి ఉంటుంది.

సందేశం ఉదయం పూట, ఓపీ మొదలయ్యే ముందు పంపండి. ఆ సాయంత్రానికి జవాబు రాకపోతే మళ్లీ మళ్లీ పంపకుండా క్లినిక్ నంబరుకు ఫోను చేసి, ఎత్తినవారితో "మూర్ఛ మందు, 20వ తేదీతో అయిపోతుంది, ఫెనిటాయిన్ అలర్జీ ఉంది, సార్‌కు వాట్సాప్‌లో వివరాలు పెట్టాను" అని చెప్పండి. డాక్టరు పక్కనుండే మనిషి చెవిన వేసిన మాట చాలాసార్లు సందేశం కంటే త్వరగా చేరుతుంది. మూడో రోజుకీ కదలిక లేకపోతే ఓపీకి బయలుదేరండి. డాక్టరు ఊళ్లో లేరని తెలిస్తే అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి గానీ దగ్గరలోని మరో వైద్యుడి దగ్గరికి గానీ ఇవే కాగితాలతో వెళ్లండి. ఈ సందేశాన్నే ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్తే అక్కడ కొత్త డాక్టరుకు మొదటి నుంచి కథ చెప్పే పని తప్పుతుంది. కొత్తవారి దగ్గర అలర్జీ మాట రెండింతలు ముఖ్యం. మూర్ఛతో వచ్చిన పేషెంటుకు అత్యవసర విభాగంలో నరానికి ఎక్కించే మందుల్లో ఫెనిటాయిన్ ఒకటి. దాని రూపాంతరమైన ఫాస్‌ఫెనిటాయిన్ ఇంకొకటి. మీ తమ్ముడు స్పృహలో లేనప్పుడు ఆ మాట చెప్పాల్సింది పక్కనున్నవారే. పని చేసే చోట కూడా ఒకరిద్దరికి తెలిసి ఉండాలి. జేబులో చిన్న చీటీ పెట్టుకుంటే ఇంకా మంచిది: పేరు, మీ ఫోను నంబరు, "మూర్ఛ ఉంది, ఫెనిటాయిన్ ఇవ్వకూడదు, అలర్జీ".

మధ్యలో మూర్ఛ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి. తాళంచెవులు చేతిలో పెట్టడం వల్ల ఏ లాభమూ లేదు, ఆ సమయంలో గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి స్పృహ రాకముందే రెండోది వచ్చినా 108కు ఫోను చేయాలి.

చీటీ చేతికొచ్చాక చూసుకోవాల్సినవి రెండు. మొదటిది, ఎన్ని మాత్రలు, ఎన్నిసార్లు. మన నియమాల ప్రకారం షెడ్యూల్ హెచ్ మందుల చీటీ మీద ఒక్కసారే మందు ఇవ్వాలి. మళ్లీ ఇవ్వవచ్చని డాక్టరు దాని మీద రాస్తేనే రెండోసారి ఇస్తారు. ఏ పాత చీటీకైనా ఇచ్చే దుకాణాలు ఉన్నాయి, ఇవ్వననేవీ ఉన్నాయి. ఇవ్వననేవారి మీద కోపగించుకోకండి, వాళ్లు చేస్తున్నదే సరైనది. కాబట్టి "60 రోజులకు" అనో, "నెలకోసారి చొప్పున మూడుసార్లు" అనో రాయించుకోండి. వైద్యులు మందు పేరుతో, స్పష్టమైన అక్షరాల్లో రాయాలన్న నిబంధన వైద్య మండలిదే. క్లోబజామ్ అని అడిగి రాయించుకోవడంలో మొహమాటం అక్కరలేదు.

రెండోది, డాక్టరు 5 మిల్లీగ్రాముల మాత్రలు రాత్రి రెండు వేసుకోమన్నారనుకుందాం. అవి తెచ్చిన రోజునే అట్ట మీద పెన్నుతో "రాత్రి 2" అని రాయండి, ఇంట్లో మిగిలిన 10 మిల్లీగ్రాముల మాత్రల అట్ట మీద "రాత్రి 1" అని రాసి రెండింటినీ వేర్వేరు డబ్బాల్లో పెట్టండి. ఈ సర్దుబాటులో పొరపాటు మొదట జరగదు, తరువాత జరుగుతుంది. రెండు నెలలు రెండేసి వేసుకోవడం అలవాటైపోయాక ఒకరోజు దుకాణంలో 10 మిల్లీగ్రాములవి దొరుకుతాయి, అలవాటు కొద్దీ అవీ రెండు వేసుకుంటాడు. మోతాదు రెట్టింపై పొద్దున లేవలేకపోవడం, మాట ముద్దగా రావడం, నడకలో తూలడం కనిపిస్తాయి. కుట్టుమిషను ముందు కూర్చునే మనిషికి అది ప్రమాదం. అందుకే ఏ అట్ట ఇంటికి వచ్చినా ముందు దాని మీద మిల్లీగ్రాముల అంకె చదివి, మీ చేత్తో రాత్రికి ఎన్నో రాసిన తరువాతే డబ్బాలో వేయండి.